రెండు పేజీల్లో సరిపోయే ఫ్రీలాన్స్ కాంట్రాక్ట్: నేను రాసుకునే తీరు

ప్రశ్న: గ్రాఫిక్ డిజైన్ పని ఇంటి నుంచి చేస్తున్నాను. ఇప్పటిదాకా అంతా వాట్సాప్‌లో మాటల మీదే. ఒక పచ్చళ్ల వాళ్లు లోగో, లేబుళ్లు అడుగుతున్నారు. లాయర్ దగ్గరికి వెళ్లకుండా సింపుల్ కాంట్రాక్ట్ ఎలా రాసుకోవాలి? స్టాంపు పేపరు తప్పనిసరా?

జవాబు:

స్టాంపు పేపరు సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే ఒప్పందం ఒప్పందమే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం నోటిమాటకు కూడా విలువ ఉంది. ఈమెయిల్‌లో ఒప్పుకున్నంత మాత్రాన చెల్లకుండా పోదని ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టంలో 10ఏ సెక్షన్ చెబుతుంది. స్టాంపు డ్యూటీ కట్టని కాగితాన్ని రేపు కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే డ్యూటీ, జరిమానా కట్టమంటారు, అంతే. పెద్ద మొత్తమైతే నేను స్టాంపు పేపరు మీద తీసుకుంటాను, చిన్న పనికి పీడీఎఫ్ పంపి "చదివాను, ఒప్పుకుంటున్నాను" అని ఈమెయిల్‌లో జవాబు రాయమంటాను.

నాకు దెబ్బ తగిలింది కూడా ఇలాంటి తిండి సరుకుల పనిలోనే. 40,000కు "బ్రాండ్ డిజైన్ మొత్తం" అని ఒప్పుకున్నాను, 10,000 అడ్వాన్స్ ఇచ్చారు. లేబుళ్లు నాలుగు అనుకున్నవి పదకొండు అయ్యాయి, ఓనరు ఓకే అన్న రంగు వాళ్ల బావగారికి నచ్చలేదు, ఆయనకు నచ్చింది ఇంట్లో వాళ్లకు నచ్చలేదు, అలా మూడు నెలలు తిప్పి చివరికి ఫోన్ ఎత్తడం మానేశారు. కొన్నాళ్లకు చూస్తే నా లోగో వాళ్ల షాపు బోర్డు మీద ఉంది. మిగతా 30,000 రాలేదు. అడగడానికి నా చేతిలో ఉన్నదల్లా "బ్రాండ్ డిజైన్ మొత్తం" అన్న ఆ మూడు ముక్కలే, అందులో ఏముందో ఏం లేదో నేనే చెప్పలేను.

అందుకే ఇప్పుడు పని వివరాలు రాసేటప్పుడు ఒక్కో వస్తువుకు విడిగా ధర వేస్తాను. మీ పనే ఉదాహరణగా తీసుకుంటే, "లోగో 1, 24,000. లేబుళ్లు 6, ఒక్కోటి 6,000, మొత్తం 36,000. అంతా కలిపి 60,000." ఏ పచ్చడికి, ఏ సైజు సీసాకు అన్నది కూడా రాయండి, ఎందుకంటే పావుకిలో సీసా లేబుల్ అరకిలోకి సాగదీస్తే సరిపోదు, మళ్లీ సర్దాలి, అది మళ్లీ పని. దాని కిందే ఈ ధరలో లేనివి రాయాలి: ప్రింటింగ్ ఖర్చు, ఫొటోలు తీయించడం, లేబుల్ మీద మాటలు రాయడం, ఇన్‌స్టా పోస్టులు, షాపు ఫ్లెక్స్. ఈ లేనివాటి జాబితాయే గొడవలు ఎక్కువగా ఆపుతుంది. ఏడో లేబుల్ కావాలంటే ఇంకో 6,000 అని అక్కడే ఉంటుంది కాబట్టి మొహమాటపడి బేరమాడే పని ఉండదు.

ఇక రివిజన్లు. "రెండు రివిజన్లు ఉచితం" అని రాస్తే సరిపోతుందని నేనూ అనుకున్నాను, సరిపోదు. పొద్దున ఒక మెసేజ్, మధ్యాహ్నం ఒక వాయిస్ నోట్, రాత్రి ఇంకో ఫొటో వస్తాయి, ఇది ఒకటా మూడా? నా కాంట్రాక్ట్‌లో ఇలా ఉంటుంది:

"ఒక డ్రాఫ్ట్ మీద క్లయింట్ చెప్పదలుచుకున్న మార్పులన్నీ ఒకే మెసేజ్‌లో రాసి పంపితే అది ఒక రివిజన్. ఒక్కో వస్తువుకు రెండు రివిజన్లు ధరలో కలిసి ఉంటాయి. ఆపైన ఒక్కో రివిజన్‌కు లోగోకైతే 2,500, లేబుల్‌కైతే 1,000. ఒకసారి ఖాయం చేసిన లోగోను వదిలేసి కొత్తది అడిగితే అది రివిజన్ కాదు, కొత్త పని. డిజైనర్ పొరపాటును సరిచేయడం లెక్కలోకి రాదు. మార్పులు చెప్పేది, ఓకే అనేది ఫలానా వ్యక్తి ఒక్కరే."

ఆ చివరి వాక్యంలో నిజంగా ఒక పేరు, ఒక ఫోన్ నంబరు రాయండి. కుటుంబ వ్యాపారాల్లో అందరూ అభిప్రాయం చెబుతారు, అది వాళ్ల హక్కు, కానీ వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని మనకు ఒక్క గొంతుతో చెప్పాలి.

క్లయింట్ జవాబే ఇవ్వకపోతే? ఆన్‌లైన్‌లో దొరికే నమూనాల్లో "7 రోజుల్లో జవాబు రాకపోతే ఓకే అన్నట్టే" అని ఉంటుంది. లేబుల్ పనిలో అది పెట్టకండి. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు 14 అంకెలు ఉంటుంది, నికర బరువు, ఎంఆర్‌పీ, దినుసుల పేర్లు ఉంటాయి. అవతలివాళ్లు చూడకుండానే ఓకే అయిపోయినట్టు మనం అనుకుని, అందులో ఒక అంకె తప్పై వేల కాపీలు ప్రింట్ అయితే ఆ నష్టం ఎవరిది? నేను దానికి బదులు ఇలా రాస్తాను: 7 రోజులు జవాబు లేకపోతే పని ఆగుతుంది, ఆగిన రోజులన్నీ డెలివరీ తేదీకి కలుస్తాయి, 30 రోజులు దాటితే ఒప్పందం ముగిసినట్టే, అప్పటిదాకా చేసిన పనికి లెక్క తేల్చుకోవాలి. లేబుల్ మీది అక్షరాలు, అంకెలు సరిచూసి "ప్రింట్‌కు ఓకే" అని రాతపూర్వకంగా పంపే బాధ్యత క్లయింట్‌ది అని విడిగా ఒక లైను.

పేమెంట్ 50-50 వద్దు. రెండో సగం ఎప్పుడూ మన పనంతా అయిపోయాకే వస్తుంది, అప్పటికి మన చేతిలో పట్టు ఉండదు. నేను 60,000 పనికి సంతకం రోజు 24,000, లోగో ఖాయమయ్యాక 18,000, ఫైనల్ ఫైళ్లు ఇచ్చే ముందు 18,000 తీసుకుంటాను. "లాంచ్ అయ్యాక", "ప్రింట్ అయ్యాక" అని గడువు పెట్టకండి, వాళ్ల లాంచ్ మన చేతిలో లేదు. చివరి మొత్తం వచ్చేదాకా చూపించేవన్నీ వాటర్‌మార్క్ వేసిన చిన్న సైజు జేపీజీలే, ఓపెన్ ఫైల్ ఇవ్వను. ప్రింటింగ్ ప్రెస్ వాడు నేరుగా ఫోన్ చేసి "ఫైల్ పంపండి, మిషన్ ఖాళీగా ఉంది" అంటాడు, అక్కడ మెత్తబడకూడదు. క్లయింట్ కంపెనీ అయితే టీడీఎస్ పట్టుకుని ఇస్తారు, కాబట్టి ఈ అంకెలన్నీ టీడీఎస్ పట్టకముందువి అని రాయండి.

ఆలస్యానికి ఒక మాట. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లోనే అవుతుంది, పని ఒప్పుకునే ముందే చేయించుకోండి. చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులోగా, అది ఎంత రాసుకున్నా 45 రోజులు మించకుండా, డబ్బు ఇవ్వాలని 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది, తప్పితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇన్‌వాయిస్ అడుగున ఉద్యమ్ నంబరు ఉంటే చాలాసార్లు అకౌంట్స్ వాళ్లే ముందుగా కదులుతారు. సొంతంగా "రోజుకు 1,000 జరిమానా" లాంటివి రాసుకోకండి, కోర్టు సమంజసమైన నష్టపరిహారమే ఇప్పిస్తుంది తప్ప కాగితం మీద ఉన్న అంకె మొత్తం ఇప్పించాలని లేదు.

మధ్యలో ఆగిపోవడం గురించి ఎవరూ మొదట్లో మాట్లాడరు, పెళ్లికి ముందు విడాకుల మాట ఎత్తినట్టు ఉంటుందని. కానీ వస్తువువారీ ధరలు అసలు పనికొచ్చేది ఇక్కడే. నా షరతు ఇది: ఎవరైనా 7 రోజుల ముందు ఈమెయిల్‌లో గానీ వాట్సాప్‌లో గానీ రాసి ఆపేయొచ్చు. "ప్రింట్‌కు ఓకే" అయిన వస్తువుకు పూర్తి ధర, లోగో ఖాయమైతే దానికి పూర్తి ధర, మొదటి డ్రాఫ్ట్ పంపినదానికి సగం, మొదలుపెట్టనిదానికి సున్నా. నేనే ఆపేసినా ఇదే లెక్క. పనేమీ మొదలుకాకముందే వాళ్లు ఆపేస్తే, నేను వాళ్ల కోసం ఖాళీ పెట్టుకున్న రోజులకు అడ్వాన్స్‌లో 10,000 ఉంచుకుని మిగతాది తిరిగి ఇస్తాను.

ఇది ఒకసారి నిజంగానే వాడాల్సి వచ్చింది. ఇవే ధరలతో ఇలాంటి 60,000 పనే, వేరే క్లయింట్‌ది, భాగస్వాములిద్దరికీ పడక మధ్యలో ఆపేశారు. లోగో అయిపోయింది, 24,000. రెండు లేబుళ్లు ఓకే అయ్యాయి, 12,000. ఒకటి డ్రాఫ్ట్‌లో ఉంది, 3,000. మొత్తం 39,000. నాకు అప్పటికి రెండు విడతల్లో 42,000 వచ్చింది, అంటే నేనే 3,000 బాకీ. అదే రోజు ఫోన్‌పేలో వేసి, లోగో, రెండు లేబుళ్ల ఓపెన్ ఫైళ్లు పంపేశాను. పది నిమిషాల పని. ఇద్దరు భాగస్వాములూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని స్థితిలో ఉన్నా నాతో ఒక్క మాట పేచీ పెట్టలేదు, లెక్క వాళ్ల ముందే ఉంది.

చివరిగా హక్కులు, ఇది మీ పచ్చళ్ల వాళ్లకు మరీ ముఖ్యం. ఫ్రీలాన్సర్ గీసిన లోగో మీద కాపీరైట్ మామూలుగా గీసినవాళ్లదే, డబ్బు ఇచ్చినంత మాత్రాన మారదు, సంతకంతో రాసి బదలాయించాలి. ఆ రాతలో ఎంతకాలమో చెప్పకపోతే 5 ఏళ్లు, ఎక్కడో చెప్పకపోతే ఇండియా వరకే అని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ లెక్కవేస్తుంది. వాళ్లు ఆవకాయ, గోంగూర సీసాలు డల్లాస్‌కో న్యూజెర్సీకో పంపుతుంటే ఆ రాత వాళ్లకు చాలదు. అందుకని "ధర పూర్తిగా అందిన వస్తువుల మీద హక్కులు, కాపీరైట్ గడువు మొత్తానికి, ప్రపంచమంతటా క్లయింట్‌కు బదలాయిస్తున్నాను. ధర అందని డ్రాఫ్టులు, ఎంచుకోని డిజైన్లు డిజైనర్‌వే" అని రాయండి, ఈ పత్రానికి మాత్రం ఈమెయిల్ జవాబుతో ఊరుకోకుండా ఇద్దరూ సంతకం పెట్టండి. మొదట్లో చెప్పిన, 30,000 ఎగ్గొట్టిన ఆ క్లయింట్ షాపు బోర్డు మీద పెట్టుకున్న లోగో చట్టం ప్రకారం అప్పటికీ నాదే, ఆ సంగతి నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

కాంట్రాక్ట్ తెలుగులో రాసినా ఇబ్బంది లేదు. పచ్చళ్ల వాళ్లకైతే తెలుగులోనే ఇవ్వండి, సంతకానికి ముందు ఒకసారి ఫోన్‌లో చదివి వినిపించండి, ముఖ్యంగా రివిజన్ల పేరా. అక్కడ ఏమన్నా అభ్యంతరం ఉంటే అప్పుడే బయటపడుతుంది, అడ్వాన్స్ తీసుకునేది ఆ తర్వాతే.