చలికి అంటుకునే ఎర్రకణాలు జ్వరంలో ఎందుకు తగ్గాయి?

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. ఆదిలాబాద్‌లో ఉంటాం. చలికాలం పొద్దున్నే బయటికెళ్తే వేళ్లు, చెవి అంచులు నీలంగా మారతాయి. కోల్డ్ అగ్లుటినిన్ డిసీజ్ అన్నారు. కానీ ఈ మే నెలలో జ్వరం వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 9.6 నుంచి 7.9కి పడిపోయింది. చలి లేనప్పుడు రక్తం ఎందుకు తగ్గింది డాక్టర్ గారూ?

జవాబు: ఎర్రకణాలు అంటుకునేది వేళ్లలో, చెవుల్లో. అవి నాశనమయ్యేది మాత్రం ఎక్కువగా కాలేయంలో. ఈ తేడా తెలిస్తే మీ సందేహం తీరుతుంది.

మీ రక్తంలో ఐజీఎం రకం యాంటీబాడీ ఒకటి తయారవుతోంది. ఇది పరిమాణంలో పెద్దది, ఒకేసారి చాలా కణాలను పట్టుకోగలదు. ఒంటి లోపలి 37 డిగ్రీల వేడిలో దీనికి పట్టు చిక్కదు. చలిగాలికి వేళ్ల చివర్లు, చెవులు 30 డిగ్రీల కంటే కిందికి చల్లబడినప్పుడు అది కణాలను గుంపులుగా అతికిస్తుంది. సన్నని నాళాల్లో రక్తం మందగించి, ఆక్సిజన్ తగ్గి చర్మం నీలంగా కనిపిస్తుంది. వెచ్చబడగానే పట్టు వదులుతుంది, రంగు తిరిగొస్తుంది.

అయితే వదిలేలోపే అది కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లను రగిలిస్తుంది. వాటిలో సీ3బీ అనేది కణానికి అంటుకుని ఉండిపోతుంది. రక్తం కాలేయానికి చేరాక అక్కడి రక్షణ కణాలు ఆ గుర్తున్న ఎర్రకణాలను మింగేస్తాయి. అందుకే ప్లీహం తీయించినా ఈ జబ్బులో పెద్దగా ఫలితం ఉండదు. స్టెరాయిడ్లూ అంతంతమాత్రమే.

ఇప్పుడు మీ జ్వరం సంగతి. కణాల మీద నిత్యం ఖర్చవుతుండటంతో మీలాంటివారిలో కాంప్లిమెంట్ ప్రొటీన్లు, ముఖ్యంగా సీ4, తరచూ తక్కువగా ఉంటాయి. ఒకరకంగా ఆ కొరతే విధ్వంసానికి పగ్గం వేస్తుంది. ఇన్ఫెక్షన్ వస్తే కాలేయం వీటిని ఎక్కువగా తయారు చేస్తుంది, దాంతో కణాల నాశనం పెరుగుతుంది. ఈ యాంటీబాడీ కొందరిలో మామూలు గది చల్లదనానికే పనిచేస్తుంది కాబట్టి మే నెలైనా కూలర్, ఏసీ గాలి చాలు. పెద్ద ఆపరేషన్, దెబ్బలు కూడా ఇలాగే రేపుతాయి.

ఆ 7.9 ల్యాబ్ పొరపాటేమో అనుకోవద్దు. ట్యూబు చల్లబడి కణాలు అంటుకుంటే ఎర్రకణాల సంఖ్య అబద్ధంగా తగ్గి, ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢతను చెప్పే ఎంసీహెచ్‌సీ 36 దాటి అసాధ్యమైన అంకె చూపిస్తుంది. హిమోగ్లోబిన్ మాత్రం కణాలను పగలగొట్టి కొలుస్తారు కాబట్టి దాన్ని నమ్మొచ్చు. మిగతా అంకెల కోసం శాంపిల్‌ను 37 డిగ్రీలకు వెచ్చబెట్టి మళ్లీ చేయమనండి. ఎల్‌డీహెచ్, బిలిరుబిన్, రెటిక్యులోసైట్ కౌంట్ కూడా చూపించుకోండి. కణాలు పగలటం వల్లే తగ్గిందా, లోపల ఎక్కడైనా రక్తస్రావమా అన్నది తేలాలి.

ఇకపై జ్వరం వస్తే ఆగకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ రక్తం గానీ సెలైన్ గానీ ఎక్కించే ముందు మీ జబ్బు పేరు చెప్పి, వార్మర్ ద్వారా వెచ్చబెట్టి ఇవ్వమని అడగండి. హిమోగ్లోబిన్ ఇలాగే పడుతుంటే ఈ యాంటీబాడీని తయారుచేసే కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ చికిత్స గురించి మీ హెమటాలజిస్టుతో మాట్లాడండి.