సెలవుల లెటర్లో అమలు తేదీ

“రాయగడలో మా ఫ్యాక్టరీకి హెచ్‌ఆర్ చూస్తాను. దాచుకునే ఆర్జిత సెలవుల పరిమితిని 45 రోజుల నుంచి 30కి తగ్గించాం. మార్చి 10న లెటర్ అంటించి, మార్చి 1 నుంచి అమలు అని రాశాను. వర్కర్లు ఒప్పుకోవడం లేదు. ఎలా రాయాలి?”

తప్పు తేదీలోనే ఉందండి. వర్కర్లకున్న సెలవు సదుపాయాన్ని తగ్గించాలంటే 21 రోజుల ముందు నోటీసివ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఎ సెక్షన్ అదే చెప్పేది, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 40వ సెక్షనూ అదే చెబుతోంది. వెనక తేదీ అసలు కుదరదు.

మార్చి 10 లెటర్ రద్దు చేస్తున్నామని మొదటి వాక్యంలోనే రాయండి. కొత్తది మార్చి 20న అంటిస్తే గడువు ఏప్రిల్ 10 దాకా ఉంటుంది. నెల మధ్యలో మారిస్తే జీతాల లెక్క చిక్కుపడుతుంది కాబట్టి నేనైతే మే 1 పెడతాను.

అసలు గొడవ మిగులు రోజుల గురించే అయ్యుంటుంది. ఏప్రిల్ 30కి ఒకరి ఖాతాలో 38 ఉంటే ఆ 8 ఏమవుతాయి? మీ లెటర్లో ఆ మాటే లేదు. యాజమాన్యాన్ని ఒప్పించి ఇలా రాయండి:

“2026 ఏప్రిల్ 30 నాటికి 30 దాటిన సెలవులు రద్దు కావు. వాటికి మే జీతంతో డబ్బు చెల్లిస్తాం. కొత్త పరిమితి మే 1 నుంచి వర్తిస్తుంది.”

ఒడియా ప్రతి కూడా పక్కనే అంటించండి. మన తెలుగు ఒక్కటే పెడితే సగం షిఫ్టు చదవలేదు.