వీపీఎన్ ఆఫ్‌లో ఉన్నా డేటా తరుగుతోందంటే...

ప్రశ్న: ఫ్రీ వీపీఎన్ యాప్‌లు మన ఫోన్ గుండా వేరేవాళ్ల ట్రాఫిక్ పంపిస్తాయని విన్నాను. నిజమేనా? నా ఫోన్లో అలా జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

అన్నీ అలా చేయవు, కొన్ని చేస్తాయి. మా పిన్ని కూతురి ఫోన్లో దాన్ని నా కళ్లతో చూశాను. నేను నెట్‌వర్క్ ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి ఇంట్లో ఎవరి ఫోన్ మొరాయించినా నా దగ్గరికే వస్తుంది.

తను విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. కాలేజీ వైఫైలో కొన్ని సైట్లు రావని క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫ్రీ వీపీఎన్ వేసుకుంది. కొన్నాళ్లకు ఫోన్ చేసి, "అన్నయ్యా, రోజుకి 1.5 జీబీ ప్యాక్ నాది. లేచేసరికే సగం అయిపోయిందని మెసేజ్ వస్తోంది, రాత్రంతా నేను నిద్రలోనే ఉన్నాను" అంది. హాస్టల్ వైఫైలో గూగుల్ తెరిస్తే మాటిమాటికీ "మీరు రోబో కాదని నిరూపించండి" అని బొమ్మలు చూపిస్తోందట. హాస్టల్ ఆంటీకైతే, మీ కనెక్షన్ నుంచి ఎవరో ఒక షాపింగ్ సైట్‌లో వరసగా లాగిన్‌లు ప్రయత్నిస్తున్నారని బ్రాడ్‌బ్యాండ్ వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది.

ఒక్క గూగుల్ బొమ్మలే అయితే నేను పట్టించుకునేవాణ్ని కాదు. హాస్టల్ వైఫైలోనైనా మొబైల్ డేటాలోనైనా ఒకే ఐపీ అడ్రస్‌ని ఎంతోమంది పంచుకుంటారు, ఎవరో చేసినదానికి మనకూ ఆ బొమ్మలు వస్తుంటాయి. అనుమానమొచ్చింది రాత్రి డేటా గురించి విన్నాకే. సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిచి యాప్‌లవారీగా చూడమన్నాను. పై వరసలోనే ఆ వీపీఎన్ ఉంది, దాని వాడకం దాదాపు అంతా బ్యాక్‌గ్రౌండ్‌లోనే. "కానీ రాత్రి వీపీఎన్ ఆపేసే పడుకుంటాను కదా" అంది. అసలు సంగతి అక్కడే ఉంది.

ఆ వారాంతం తను హైదరాబాద్ వస్తే ఫోన్లో PCAPdroid వేశాను. ఏ యాప్ ఏ సర్వర్‌తో మాట్లాడుతోందో చూపించే యాప్ అది, దానికోసం ఫోన్‌ని రూట్ చేయక్కర్లేదు. ట్రాఫిక్‌ని పట్టుకోవడానికి అది కూడా వీపీఎన్‌లాగే నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఒక సమయంలో ఒక వీపీఎన్ మాత్రమే నడవగలదు కాబట్టి దీన్ని ఆన్ చేయగానే రెండోదాని కనెక్షన్ తెగిపోతుంది. తెగాక కూడా ఆ యాప్ పేరు మీద కొత్త కొత్త కనెక్షన్లు పుడుతూనే ఉంటే, అవి మనకోసం నడుస్తున్నవి కావు.

సరిగ్గా అదే కనిపించింది. ఒక సర్వర్‌తో కనెక్షన్ ఎప్పుడూ తెరిచే ఉంది. దాని పక్కనే తను ఎన్నడూ వినని బూట్ల షాపులు, విదేశీ హోటల్ బుకింగ్ సైట్లు, లాగిన్ పేజీలు ఒకదాని తర్వాత ఒకటి. యాడ్స్, అనలిటిక్స్ సర్వర్లు ఏ యాప్‌లోనైనా ఉంటాయి, వాటిని చూసి కంగారుపడొద్దు. ఇక్కడ గమనించాల్సింది అప్‌లోడ్, డౌన్‌లోడ్ దాదాపు సమానంగా ఉండటం. మామూలు వాడకంలో డౌన్‌లోడే చాలా ఎక్కువ. ఇక్కడ సైట్ నుంచి వచ్చిన ప్రతి ముక్కా వెంటనే ఆ మొదటి సర్వర్‌కి తిరిగి ఎక్కుతోంది.

జరిగేది ఇదీ. యాప్‌లో దాక్కున్న కోడ్ తనంతట తానే బయటి సర్వర్‌కి కనెక్ట్ అవుతుంది, అందుకే రూటర్ దాన్ని ఆపదు. డబ్బు కట్టిన అపరిచితుడు ఫలానా సైట్ కావాలంటే, ఆ సర్వర్ మన ఫోన్‌తో తెరిపిస్తుంది. సైట్‌కి కనిపించేది మన ఐపీ. ఇళ్ల ఐపీలను సైట్లు అంత తేలిగ్గా బ్లాక్ చేయవు కాబట్టి వాటికి గిరాకీ ఎక్కువ, దీన్నే రెసిడెన్షియల్ ప్రాక్సీ అంటారు. 2024 మార్చిలో హ్యూమన్ అనే సెక్యూరిటీ సంస్థ ప్లే స్టోర్‌లోని 28 యాప్‌లు ఇలా చేస్తున్నట్టు బయటపెట్టింది, వాటిలో ఎక్కువ ఫ్రీ వీపీఎన్‌లే. అదే ఏడాది మేలో అమెరికా మూయించిన 911 ఎస్5 అనే ప్రాక్సీ నెట్‌వర్క్ అయితే మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్ లాంటి ఉచిత ప్రోగ్రాములతో విండోస్ కంప్యూటర్లను వాడుకుంది. అందులో 1.9 కోట్లకు పైగా ఐపీలు ఉన్నాయని అమెరికా న్యాయశాఖ చెప్పింది.

"అయితే నా ఫోటోలు కూడా చూశారా?" అని భయపడింది. ఈ పద్ధతికి ఫోటోలతో పనిలేదు, వాళ్లకు కావాల్సింది తన ఐపీ. కానీ దాంతో వాళ్లు చేసే మోసం ఫిర్యాదుగా వెళితే, ఆ సమయంలో ఆ ఐపీ ఎవరిదని నెట్ సంస్థ రికార్డు చూస్తుంది. అక్కడ ఉండేది హాస్టల్ ఆంటీ పేరు.

యాప్‌ని ఫోర్స్ స్టాప్ చేసి అన్ఇన్‌స్టాల్ చేశాక PCAPdroid మళ్లీ ఓ గంట నడిపాం. ఇది తప్పకుండా చేయండి, ఎందుకంటే ఇదే కోడ్ వేరే యాప్‌లలోనూ ఉండొచ్చు. తన ఫోన్లో ఇంకేమీ దొరకలేదు. రాత్రి డేటా ఆ రోజు నుంచే నిలిచింది. గూగుల్ బొమ్మలు మాత్రం హాస్టల్ వైఫైలో ఆగలేదు. అదే గ్రూపు లింక్‌తో పక్క గదుల వాళ్లు కూడా ఆ యాప్ వేసుకున్నారట, ఇప్పుడు తనే ఒక్కొక్కరి ఫోన్ చూస్తోంది.