పాత కంపెనీ ఫైలు చూపించమంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. మా బిడ్డ హైదరాబాద్‌లో రెండేండ్లు డేటా అనలిస్ట్‌గా చేసింది. ఇప్పుడు ఇంకో కంపెనీ మేనేజర్ ఇదివరకు చేసిన రిపోర్టులు పంపమన్నాడు. "అవి పాత కంపెనీవి, ఇవ్వొద్దు" అంటోంది. పేర్లు తీసేసి పంపితే ఏమైతది? కొత్తది చేసి పంపుడు మేలా?

జవాబు: అన్నా, కోపం తెచ్చుకోకండి. మీ బిడ్డ చెప్పిందే సరైనది, తొందరంతా మీది. ఫైలు ఇవ్వనంటే ఉద్యోగం చేజారుతుందనే కదా మీ టెన్షన్? నాకు తెలిసి, మర్యాదగా కాదన్నందుకు ఉద్యోగం పోయిన పిల్లలు అరుదు. ఇచ్చేస్తేనే అనుమానం. రేపు మా ఫైళ్లూ ఇలాగే బయటికి పోతాయా అని అవతలి మేనేజర్ అనుకుంటాడు.

పేర్లు తీసేయడం మీరు అనుకున్నంత సులువు కాదు. ఎక్సెల్‌లో కస్టమర్ల షీటు డిలీట్ చేసి, మొత్తాలు కూడి చూపే పివట్ టేబుల్ ఒక్కటే ఉంచారనుకోండి. దాని వెనుక మొత్తం డేటా నకలు మామూలుగా అలాగే ఉంటుంది. గ్రాండ్ టోటల్ అంకె మీద రెండుసార్లు క్లిక్ చేస్తే పేర్లు, ధరలు అన్నీ కొత్త షీటులో తెరుచుకుంటాయి. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీసినా చాలాసార్లు కింద అక్షరాలు పోవు. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

కాబట్టి కొత్తదే. అయితే పని నమూనాలన్నీ ఒకచోట పెట్టి చూపే పోర్ట్‌ఫోలియో అని ఈమధ్య అందరూ జపిస్తున్నారు, దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఒకే కోచింగ్‌లో చదివిన నలభై మందీ ప్రాక్టీసుకు ఇచ్చే అదే టైటానిక్ ఓడ ప్రయాణికుల లెక్క పంపుతారు. చూసేవాడికి విసుగు. మీ ఊళ్లో రైస్ మిల్లులకు కొదవ లేదు కదా, అక్కడి పనినే తీసుకోమనండి. రెండు వందల లాట్ల వడ్లకు తేమ శాతం, వచ్చిన బియ్యం ఎంతో ఊహించి అంకెలు వేయాలి. ప్రభుత్వానికి ఇచ్చే పచ్చి బియ్యానికి క్వింటాల్ వడ్లకు 67 కిలోల లెక్క ఉంది. ఏ లాట్లు అంతకంటే తగ్గాయి, తేమకూ దానికీ సంబంధం ఉందా అన్నది రెండు పేజీల్లో చూపించాలి. పాత ఆఫీసులో వాడిన పద్ధతి వాడొచ్చు, అక్కడి అంకె ఒక్కటీ రాకూడదు. మొదటి పేజీలోనే "ఇది కల్పిత డేటా" అని రాయాలి. రెండు సాయంత్రాల పని.

మేనేజర్‌కు మెయిల్ ఇంత చాలు: "పాత రిపోర్టుల్లో క్లయింట్ల వివరాలున్నాయి, పంపలేను. అదే తరహా పనిని కల్పిత డేటాతో చేసి జతపరిచాను. నేను ఎలా ఆలోచించానో అరగంట కాల్‌లో వివరిస్తాను. మీరు చిన్న టెస్ట్ ఇచ్చినా చేస్తాను." సారీలు, సంజాయిషీలు అక్కర్లేదు.

అప్పటికీ అసలు ఫైలే కావాలంటే, పాత కంపెనీని రాతపూర్వకంగా అనుమతి అడగొచ్చు. అది రాకపోతే ఆ ఫైలు ఊసు వదిలేయాలి. ఇంకొకటి, ఆ మెయిల్ మీరు రాయకండి అన్నా. ఆమెనే రాయనివ్వండి.