సగం పూట కొలువా, ఇంటి కుట్టా: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, నల్లగొండ నుంచి మీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

గడియారం సెంటర్ దగ్గరి రక్తపరీక్షల కేంద్రంలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు బిల్లులు వ్రాసే పనికి నెలకు 9,000 ఇస్తామన్నారనీ, మీ అత్తయ్యకు ఆయాసం ఎప్పుడు ఎక్కువవుతుందో తెలియదు కాబట్టి ఇంట్లో జాకెట్లు కుట్టుకోవడమే మేలేమోననీ వ్రాశావు. నేను ఈ రెండు పనులూ చేసినదాన్నే కనుక ముందు లెక్క చెబుతాను.

జీతాన్ని 26 రోజులతో భాగిస్తే రోజుకు 346 రూపాయలు పడుతుంది. నెలలో ఐదు రోజులు పోలేకపోతే 1,730 కోత పడి 7,270 చేతికి వస్తుంది. అయితే కొందరు యజమానులు 30తో భాగిస్తారు, మరికొందరు శనివారం, సోమవారం రెండూ రాకపోతే నడుమనున్న ఆదివారాన్ని కూడా కోస్తారు. కాబట్టి కోత ఏ లెక్కన పడుతుందో చేరకముందే అడుగు. కుట్టు విషయానికి వస్తే, లైనింగ్ జాకెట్‌కు నువ్వు తీసుకునే 300లో లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులకు 80 పోగా 220 మిగులుతుంది. అదే 7,270 రావాలంటే నెలకు 33 జాకెట్లు కుట్టాలి. ఒక్కొక్కటికి మూడు గంటలు వేసుకుంటే దాదాపు వంద గంటలవుతుంది. కొలువులో 21 రోజులు పోయి వచ్చేందుకు పట్టే సమయాన్ని కూడా కలుపుకుంటే గంటలు ఇంచుమించు అంతే. ముహూర్తాలప్పుడు, బతుకమ్మ, దసరాలకు ముందు 33 ఏమిటి, కాదన్నా గుడ్డలు వచ్చి పడతాయి. ఆషాఢం, పుష్యం వచ్చాయంటే మాత్రం మిషన్ మీద దుమ్ము తుడుచుకోవడమే పని.

డబ్బు ఇంచుమించు సమానమైనప్పుడు, ఏ పనిని నడుమ వదిలి లేవగలవన్నదే చూడాలి. ఇంట్లో కుట్టు మన చేతిలోని పని అని అందరూ అంటారు కానీ, పెళ్లి జాకెట్‌కు తేదీ ఉంటుంది, ఆ తేదీ మన చేతిలో ఉండదు. మా అమ్మకు పక్షవాతం వచ్చిన రోజున నా దగ్గర ఒకే పెళ్లివారివి తొమ్మిది జాకెట్లు ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని హుక్కులు, కాజాలు చేతితో పూర్తి చేశాను. కానీ మిషన్ మీద వేయవలసిన చేతులు, మెడపట్టీలు అక్కడ ఎలా కుదురుతాయి? నాలుగు జాకెట్లు అందలేదు, ఆ ఇంటివారు మళ్లీ నా గడప తొక్కలేదు. కొలువులో అయితే ఒక పూట పోకపోతే 346 పోతుంది, ఆ బిల్లులు మరొకరు వ్రాస్తారు. చీరల ఫాల్స్, పీకో, పాత బట్టలు సరిచేయడం వంటి తేదీ లేని కుట్టు మాత్రం నిజంగానే ఎప్పుడైనా పక్కన పెట్టగలిగిన పని.

ఇక అసలు సంగతి, నేను చెప్పినట్లు నువ్వు రెండు నెలలు వ్రాసి ఉంచిన నోటుబుక్కులో ఉంది. అత్తయ్యకు తొమ్మిది సార్లు ఆయాసం వస్తే, అందులో ఏడు సార్లు తెల్లవారుజామునే వచ్చింది. ఆసుపత్రిలో నెబులైజర్ పెట్టించి, ఇంటికి తెచ్చి, అన్నం పెట్టేసరికి మధ్యాహ్నం అయింది. అంటే ఉదయం 10కి మొదలయ్యే కొలువు సరిగ్గా ఆమె జబ్బు వేళకే వచ్చి కూర్చుంటోంది, సాయంత్రం 4 నుంచి 8 వరకైతే తొమ్మిదింటిలో రెండు సార్లే అడ్డు పడేది. పరగడుపు పరీక్షల కోసం ఉదయం రద్దీ ఉన్నా, సాయంత్రం డాక్టర్లను చూపించుకున్నవారు కూడా చీటీలు పట్టుకుని అక్కడికే వస్తారు, కాబట్టి ఆ పూట మనిషి అవసరమా అని అడిగి చూడు. అల్లుడు ఏడు గంటలకు ఇల్లు చేరతాడు కదా, అంతవరకు పక్కింటివారు ఒక కన్ను వేసి ఉంచితే చాలు.

యజమానితో మాట్లాడేటప్పుడు ఇంటి పరిస్థితి దాచకు. రాలేని రోజుకు బదులు ఉదయం పూట మనిషితో మార్చుకోవచ్చా, నెలకు ఎన్ని రోజులు దాటితే వేరొకరిని పెట్టుకుంటారు అన్న రెండింటికీ స్పష్టమైన జవాబు తీసుకో. అక్కడ పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేస్తుంటే ఈఎస్ఐ ఉందా అని కూడా అడుగు. నీ జీతంలో నూటికి 75 పైసల చొప్పున, అంటే 68 రూపాయల లోపే, పట్టుకుంటారు. అయితే అందులో వచ్చే జబ్బు సెలవు డబ్బు నీ జబ్బుకే కానీ, అత్తయ్యను చూసుకోవడానికి మానేసిన రోజులకు రాదు.

సాయంత్రం పూట కుదిరితే కొలువులో చేరి, ఉదయం తీరిక దొరికినప్పుడు ఫాల్స్, పీకో మాత్రమే పెట్టుకో. ఉదయం పూటే తప్పదంటే చేరవద్దు, ఎందుకంటే నెలకు నాలుగైదు సార్లు చెప్పకుండా మానేసే మనిషిని వారు మూడో నెల దాకా ఉంచుకోరు. నీ దగ్గర ఇప్పుడున్న పెళ్లి జాకెట్లలో కత్తెర పడని వాటిని ఈ వారమే తిరిగి ఇచ్చివేయి. కోయని గుడ్డను ఏ దర్జీ అయినా తీసుకుంటాడు, ఒకరు కోసిన దాన్ని మరొకరు ముట్టుకోరు.

ఇట్లు,
మీ మేనత్త