కోఆర్డినేటర్‌కి ఒక్క మెయిల్ చాలు

"మాది గుణుపూర్. వచ్చే వారం వైజాగ్‌లో ఇంటర్వ్యూ. నా కోసం టైం మార్చిన కోఆర్డినేటర్ మేడమ్‌కి థాంక్స్ చెప్పాలి. గేట్ పాస్, ఒరిజినల్స్ గురించి చిన్న డౌట్లున్నాయి. మళ్లీ మళ్లీ మెయిల్ పెడితే విసుక్కుంటారేమో?"

మాది రాయగడ. మొదటి ఇంటర్వ్యూకి నేను ఒక్క రోజులో నాలుగు మెయిళ్లు పెట్టాను. ఒకటి థాంక్స్‌కి, ఒకటి అడ్రస్‌కి, ఒకటి ఒరిజినల్స్‌కి, ఇంకొకటి పాస్‌కి. అడ్రస్ అక్కడి కోఆర్డినేటర్ మేడమ్ పంపిన మొదటి మెయిల్లోనే, కింద ఉంది. పాపం, నాలుగింటికీ ఓపిగ్గా జవాబిచ్చారు. ఆ రోజు ఇంకెంతమందికి టైం కుదర్చాలో అని తర్వాత తట్టి చాలా బాధపడ్డాను.

రెండోసారి కూడా వైజాగే. ఉదయం పదింటికి రమ్మన్నారు. పొద్దున రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి అక్కడికి చేరేసరికి పది దాటిపోతుందని చెబితే, ప్యానెల్‌తో మాట్లాడి రెండింటికి మార్చారు. ఈసారి ముందు పాత మెయిలంతా చివరిదాకా చదివాను. ఇన్విటేషన్‌లో Yes నొక్కాను. తర్వాత అదే మెయిల్‌కి, ప్యానెల్ వాళ్లకి వెళ్లకుండా ఆవిడకి మాత్రమే రిప్లై ఇచ్చాను. రాసింది ఇంగ్లీషులోనే, విషయం మాత్రం ఇది:

"నా రైలు కోసం ప్యానెల్‌తో మాట్లాడి టైం మార్చినందుకు చాలా థాంక్స్ మేడమ్. బుధవారం మధ్యాహ్నం 2 గంటలకు తప్పకుండా వస్తాను. పాస్ కోసం ఆధార్‌లో ఉన్నట్టు నా పూర్తి పేరు, ఫోన్ నంబర్ కింద ఇస్తున్నాను. మీరు వేరేగా చెప్పకపోతే ఒరిజినల్స్, ఒక సెట్ జిరాక్స్‌తో 1:30కి గేటు దగ్గర ఉంటాను."

అందులో ప్రశ్న లేదు, చూశారా? నేను అనుకున్నది సరైనదైతే ఆవిడ ఏమీ రాయనక్కర్లేదు. తప్పయితే ఒక్క లైను రాస్తే చాలు.

పేరు విషయం మాత్రం వదలకండి. నా ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, ఒడిశాలో చదివిన సర్టిఫికెట్లలో చివరుంది. రెజ్యూమెలో సర్టిఫికెట్ ప్రకారం రాశాను. మొదటిసారి పాస్ ఆ పేరుతో వచ్చింది, సెక్యూరిటీ ఆధార్ చూసి ఆపేశారు. మళ్లీ ఆవిడకే ఫోన్, ఆవిడే కిందికి దిగి వచ్చారు. అప్పటికి పది నిమిషాలు లేటయ్యాను, టెన్షన్‌తో నోరు ఎండిపోయింది.

ఆవిడ ముందుగా ఏర్పాటు చేయాల్సినవి, అంటే మెట్లు ఎక్కలేకపోవడం, రైలు ఛార్జీ ఇస్తారో లేదో లాంటివి, ఇలా "మీరు చెప్పకపోతే" అని వదిలేయకూడదు. వాటిని అదే మెయిల్లో నేరుగా అడగండి, అవునో కాదో అంటే సరిపోయేలా. రైలు లేటయితే మాత్రం మెయిల్ కాదు, ఫోనే చేయండి.

ఇంటర్వ్యూ అయ్యాక సాయంత్రం రెండు లైన్లు రాశాను, టైం మార్చడం వల్ల స్థిమితంగా రాగలిగానని. రిజల్ట్ ఎప్పుడని అందులో అడగలేదు. అడిగితే ఆ థాంక్స్ కూడా ఆవిడకి ఇంకో పని అయ్యేది.