కెర్బెరోస్టింగ్ ఏ దశలో జరుగుతుంది?

ప్రశ్న: కెర్బెరోస్ ధృవీకరణ దశలు కంఠస్థం చేశాను. కానీ కెర్బెరోస్టింగ్ దాడిలో సర్వీస్ సర్వర్‌ను తాకకుండానే సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ ఎలా బయటపడుతుందో అర్థం కావడం లేదు. పరీక్ష దగ్గర పడింది.

జవాబు: నేనూ మొదట దశలనే బట్టీ పట్టి ఒకసారి తప్పాను. ఏ దశలో ఏది ఎవరి కీతో ఎన్‌క్రిప్ట్ అవుతుందో చూడండి.

మొదటి దశలో యూజర్ తన పాస్‌వర్డ్ నుంచి వచ్చిన కీతో ప్రస్తుత సమయాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, టికెట్లు జారీ చేసే కేడీసీకి పంపుతాడు. కేడీసీ దాన్ని సరిచూసి, `krbtgt` ఖాతా కీతో మూసిన టీజీటీని, అంటే మిగతా టికెట్లు అడగడానికి చూపే టికెట్‌ను, ఒక సెషన్ కీని ఇస్తుంది. రెండో దశలో యూజర్ ఆ టీజీటీని చూపి, తనకు కావలసిన సర్వీస్‌ను గుర్తించే పేరైన ఎస్‌పీఎన్ చెప్పి టికెట్ అడుగుతాడు. ఆ టికెట్ సర్వీస్ ఖాతా కీతో మూసి ఉంటుంది. మూడో దశలో దాన్ని సర్వీస్‌కు చూపుతాడు.

కిటుకంతా రెండో దశలోనే ఉంది. ఈ యూజర్‌కు ఆ సర్వీస్ వాడే అనుమతి ఉందా అని కేడీసీ అడగదు, ఆ నిర్ణయం సర్వీస్‌దే. అందువల్ల డొమైన్‌లోని ఏ సాధారణ యూజరైనా టికెట్ తెచ్చుకుని, మూడో దశకు వెళ్లకుండానే, తన యంత్రంపై ఒక్కో పాస్‌వర్డ్‌తో దాన్ని తెరిచి చూడవచ్చు. ఆ ఊహలు నెట్‌వర్క్‌పైకి రావు కనుక ఖాతా లాక్ కూడా కాదు.

అమీర్‌పేటలోని నా గదిలో రెండు వర్చువల్ మెషిన్లతో ల్యాబ్ పెట్టుకుని, `svc_sql` అనే ఖాతాకు `Charminar@2019` అని పాస్‌వర్డ్ ఇచ్చాను. వచ్చిన టికెట్ `$krb5tgs$23$` అని మొదలైంది. 23 అంటే ఆర్‌సీ4 అనే పాత ఎన్‌క్రిప్షన్.

```
hashcat -m 13100 tgs.txt words.txt
```

ఊళ్ల, కట్టడాల పేర్లకు సంవత్సరాలు కలిపి నేనే రాసుకున్న జాబితాతో టీ చల్లారేలోపు దొరికిపోయింది. ఆర్‌సీ4 కీ అంటే సాల్ట్ లేని ఎన్‌టీ హ్యాషే. ఏఈఎస్‌లో అయితే సాల్ట్ కలిపి 4096 సార్లు తిప్పుతారు, కాబట్టి ప్రతి ఊహకూ ఎక్కువ సమయం పడుతుంది. అయినా ఏఈఎస్‌కు మార్చి, `19700` మోడ్‌తో మళ్లీ ప్రయత్నిస్తే అదే పాస్‌వర్డ్ ఆలస్యంగానైనా దొరికింది. అందుకే పరీక్షలో "ఏఈఎస్ పెడితే చాలు" అన్న ఐచ్ఛికం కనిపిస్తే ఎంచుకోవద్దు. ఖాతాను, డొమైనే పాస్‌వర్డ్ చూసుకునే జీఎంఎస్‌ఏగా మారిస్తే పొడవైన యాదృచ్ఛిక పాస్‌వర్డ్ ఉంటుంది, అది డిఫాల్ట్‌గా 30 రోజులకోసారి మారుతుంది.

ఈ దాడిని పసిగట్టే విషయంలో అందరూ చెప్పేది, సర్వీస్ టికెట్ అడిగినప్పుడు నమోదయ్యే ఈవెంట్ `4769`లో ఆర్‌సీ4ను సూచించే `0x17` వెతకమని. నేను గతంలో పనిచేసిన చోట ఓ పాత అప్లికేషన్ సక్రమంగానే ఆర్‌సీ4 వాడేది. రోజూ అలారాలు మోగి మోగి, చివరికి వాటిని చూడడమే మానేశాం. ఆ తర్వాత ఏ సర్వీసూ వాడని ఎస్‌పీఎన్‌తో ఒక ఉత్తుత్తి ఖాతా పెట్టాం. దానికి టికెట్ అడగాల్సిన పని ఎవరికీ లేదు కనుక, ఒక్క `4769` వచ్చినా వెంటనే లేచి చూసేవాళ్లం.